కదిలి నిలిచే గోడ

1950 మే 21న పెరూ దేశంలోని కుస్కో నగరాన్ని భూకంపం కుదిపేసింది. పచ్చి ఇటుకలతో కట్టిన ఇళ్ళు వీధుల పొడవునా కూలాయి. స్పానిష్ వాళ్ళు కట్టిన చర్చీలు, మఠాలు బీటలు వారాయి, గోపురాలు దెబ్బతిన్నాయి. వాటిలో బాగా నష్టపోయినది శాంటో డొమింగో మఠం. ఇంకా పాలకుల సూర్యదేవాలయమైన కొరికాంచ గోడల మీదే స్పానిష్ విజేతలు ఆ మఠాన్ని లేపారు. పైన కట్టిన సున్నపు గోడలు పడిపోయాక, వాటి చాటున నాలుగు వందల ఏళ్ళుగా దాగి ఉన్న నల్లరాతి గోడలు బయటపడ్డాయి. వాటి రాళ్ళ మధ్య సున్నం లేదు, మట్టి లేదు, ఏ రకమైన మాలూ లేదు. 1650 మార్చి 31న వచ్చిన అంతకన్నా పెద్ద భూకంపంలో కూడా కుస్కోలోని స్పానిష్ కట్టడాలు చాలావరకు నేలకూలాయి, వాటి కిందున్న ఇంకా గోడలు మాత్రం నిలిచాయి. నష్టాన్ని అంచనా వేసి పునర్నిర్మాణం ఎలా జరగాలో చెప్పడానికి యునెస్కో 1951లో ఒక బృందాన్ని పంపింది. కళాచరిత్రకారుడు జార్జ్ కుబ్లర్ దానికి నాయకుడు.

రాళ్ళను అతికించిన గోడ పడిపోయి, అతికించని గోడ ఎందుకు నిలిచింది? ఇంకా పనివాళ్ళకు ఏదో రహస్యం తెలుసునని, రాళ్ళను కరిగించి పోశారని చెప్పేవాళ్ళు ఉన్నారు. అలాంటి రహస్యం ఏదీ అక్కర్లేదు. గోడ బరువు, రాళ్ళ మధ్య రాపిడి, రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకునే తీరు, ఈ మూడింటితోనే జవాబు దొరుకుతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచినది ఇదే. మాలు లేని గోడకు భూకంపంలో ఉన్న బలం అది కాస్త కదలగలగడంలోనూ, కదిలాక తన బరువుతోనే మళ్ళీ సర్దుకోగలగడంలోనూ ఉంది. అయితే మాలు లేనంత మాత్రాన ఆ బలం రాదు. రాయిని ఎలా చెక్కారు, ఎలా పేర్చారు అనేదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ముందు మాలు సంగతి చూద్దాం. సున్నమైనా సిమెంటైనా గట్టిపడ్డాక నొక్కుడును బాగా భరిస్తుంది, లాగుడును భరించలేదు. నొక్కితే ఎంత భరిస్తుందో లాగితే అందులో సుమారు పదోవంతే. మామూలు రోజుల్లో గోడ మీద పడేదంతా పైనుంచి దిగే బరువే కాబట్టి ఈ లోపం కనిపించదు. భూకంపంలో నేల పక్కకు జరిగినప్పుడు గోడ అటూ ఇటూ వంగుతుంది, వంగిన ప్రతిసారీ ఒక వైపు లాగుడు పుడుతుంది. మాలు కొంతవరకు సాగకుండా బిగబట్టి, ఒక్కసారిగా చిట్లుతుంది. చిట్లాక అక్కడ మిగిలేది పొడి, గులకలు. మాలు గోడలో రాళ్ళను అంత జాగ్రత్తగా చెక్కి ఉండరు, ఎందుకంటే వాటి మధ్య ఎగుడుదిగుళ్ళు సర్దే పని మాలుదే. ఆ మాలు పోయాక ఆకారం కుదరని రాళ్ళ గుట్ట మాత్రమే మిగులుతుంది, దాని కింద నేల మాత్రం ఇంకా ఊగుతూనే ఉంటుంది.

చెక్కి పేర్చిన గోడలో రాతికి రాయి నేరుగా ఆని ఉంటుంది. అక్కడ చిట్లడానికి ఏమీ లేదు, ఉన్నది రాపిడి మాత్రమే. రాతి మీద రాయి జారాలంటే పై బరువులో సుమారు 0.6 వంతు బలం పక్కనుంచి తగలాలి. ఈ సంఖ్య రాయిని బట్టి, చెక్కుడు నునుపును బట్టి కొంత మారుతుంది. ఇందులో ఒక విశేషం గమనించాలి. రాయి ఎంత బరువైతే భూకంపం దాన్ని నెట్టే బలం అంత ఎక్కువ, దాన్ని కదలకుండా ఆపే రాపిడి కూడా అంతే ఎక్కువ. బరువు రెండు వైపులా కొట్టుకుపోతుంది కాబట్టి, జారడం మొదలవడానికి కావలసిన కుదుపు చిన్న రాయికీ పెద్ద బండకీ ఒక్కటే, గురుత్వ త్వరణంలో సుమారు 0.6 వంతు. అంతకు మించిన కుదుపు వచ్చి రాయి కొన్ని మిల్లీమీటర్లు జారిందనుకుందాం. జారినప్పుడు కుదుపు శక్తిలో కొంత వేడిగా మారి ఖర్చవుతుంది. జారడం ఆగిన మరుక్షణం రాపిడి మునుపటి బలంతోనే సిద్ధంగా ఉంటుంది. మాలు ఒక్కసారి పగిలితే దాని పని అయిపోయినట్టే, రాపిడికి అలాంటి ముగింపు లేదు. ప్రతి ఊపుకూ అది కొత్తగా పనిచేస్తుంది.

జారడంకన్నా భయపడాల్సింది ఒరిగిపోవడం గురించి. దీన్ని ఒక గోడ లెక్కతో చూద్దాం. ఎత్తు 3.6 మీటర్లు, మందం 90 సెంటీమీటర్లు, నిట్టనిలువుగా ఉన్న గోడ అనుకోండి. మందాన్ని ఎత్తుతో భాగిస్తే పావు వస్తుంది. అంటే గురుత్వ త్వరణంలో పావు వంతు కుదుపు పక్కనుంచి తగిలితే ఈ గోడ ఒక వైపు అంచు మీద లేవడం మొదలుపెడుతుంది. రాపిడి హద్దు 0.6 కాబట్టి ఈ గోడ జారేముందే ఊగుతుంది. అదే మందంతో ఎత్తు రెట్టింపు చేస్తే ఈ హద్దు సగానికి పడిపోతుంది. ఇంకా గోడల్లో చాలావాటికి బయటి ముఖం లోపలికి మూడు నుంచి అయిదు డిగ్రీలు వాలి ఉంటుంది. మన గోడకే కింద 90, పైన 65 సెంటీమీటర్ల మందం ఇచ్చి, బయటి ముఖాన్ని మాత్రం వాల్చితే వాలు సుమారు నాలుగు డిగ్రీలు అవుతుంది. అప్పుడు బరువు కేంద్రం కొంచెం కిందికీ, బయటి అంచునుంచి కొంచెం లోపలికీ జరుగుతుంది. బయటికి ఒరగడానికి కావలసిన కుదుపు 0.25 నుంచి 0.30కి పెరుగుతుంది, అదీ తక్కువ రాయితో. లోపలివైపు ఒరిగే హద్దు 0.23కు తగ్గుతుంది. కాని ఆ వైపు అడ్డగోడలు ఉంటాయి, మెట్టు పొలాల గోడలకైతే వెనక మట్టి ఉంటుంది. బయటివైపు గోడను ఆపడానికి ఏమీ ఉండదు కనుక, వాలు ఇచ్చిన దిక్కు సరైనదే.

అయితే పావు వంతు కుదుపుకే గోడ లేస్తుందంటే, బలమైన భూకంపంలో అంతకన్నా ఎక్కువ కుదుపు వస్తుంది కదా, మరి గోడ పడిపోవాలి కదా అని అడగవచ్చు. లేవడం వేరు, పడడం వేరు. మన నిట్టనిలువు గోడ పడాలంటే దాని బరువు కేంద్రం 45 సెంటీమీటర్లు పక్కకు జరిగి అంచును దాటాలి. భూకంపంలో నేల ఒకే దిక్కున నెడుతూ ఉండదు, క్షణంలో కొంత భాగంలోనే దిశ మార్చుకుంటుంది. గురుత్వ త్వరణంలో 0.4 వంతు కుదుపు 0.15 సెకను పాటు ఒకే వైపు ఉన్నా, నిలకడగా ఉన్న నేల ఆ కాసేపట్లో జరిగేది నాలుగైదు సెంటీమీటర్లే. 45 ఎక్కడ, నాలుగైదు ఎక్కడ? గోడ అంచు కాస్త లేచేసరికి నేల వెనక్కి తిరుగుతుంది, గోడ తన బరువుతో మళ్ళీ కూర్చుంటుంది. కూర్చున్నప్పుడు తగిలే దెబ్బలో కొంత శక్తి పోతుంది.

ఈ సంగతిని శాస్త్రీయంగా లెక్కగట్టినవాడు అమెరికన్ ఇంజనీరు జార్జ్ హౌస్నర్. 1960లో చిలీలో వచ్చిన భూకంపాల్లో, పడిపోవాల్సినట్టు కనిపించే పొడుగాటి నీటి ట్యాంకులు నిలిచి, వాటికన్నా గట్టివనుకున్న కట్టడాలు దెబ్బతినడం ఆయన్ను ఆలోచనలో పడేసింది. 1963లో ఆయన ప్రచురించిన వ్యాసం ఊగే దిమ్మ గురించి రెండు ముఖ్యమైన సంగతులు తేల్చింది. ఒకటి, ఒకే ఆకారం ఉన్న రెండు దిమ్మల్లో ఊగడం మొదలయ్యే హద్దు ఒక్కటే అయినా, పడగొట్టడం కష్టమయ్యేది పెద్దదాన్నే. పెద్దదాని బరువు కేంద్రం ఎక్కువ దూరం ప్రయాణించాలి, నేలకు మాత్రం అంత వ్యవధి ఉండదు. రెండు, ఊగే దిమ్మకు స్థిరమైన ఊపు కాలం ఉండదు. కొంచెం ఊగితే త్వరగా, ఎక్కువ ఊగితే నెమ్మదిగా ఊగుతుంది. కట్టడాలను కూల్చే భూకంపం చాలాసార్లు చేసే పని ఏమిటంటే, కట్టడం సహజంగా ఊగే లయకు తన లయ కలిసినప్పుడు ఊపు మీద ఊపు చేర్చి పెంచుతూ పోవడం. ఊపు కొద్దీ లయ మార్చుకునే గోడతో ఆ పొత్తు అంత తేలిగ్గా కుదరదు.

ఈ లెక్కంతా ఒక షరతు మీద నిలబడి ఉంది. 90 సెంటీమీటర్ల గోడ నిజంగా 90 సెంటీమీటర్ల ఒకే ముద్దలా కదలాలి. మాలు లేకుండా అది ఎలా సాధ్యం? గోదాములో బియ్యం బస్తాలు పేర్చేవాళ్ళు ఒక వరస నిలువుగా, మరో వరస అడ్డంగా వేస్తారు. కింది రెండు బస్తాల సందు మీద పై బస్తా వస్తుంది కాబట్టి ఏ ఒక్కటీ విడిగా బయటికి రాలేదు. రాతి గోడకూ మూలసూత్రం అదే, కాని ఇంకా పనివాళ్ళు దాన్ని చాలా దూరం తీసుకువెళ్ళారు. కుస్కోలోని హతున్ రుమియోక్ వీధి గోడలో పన్నెండు కోణాల రాయి ఒకటి ఉంది. చుట్టూ ఉన్న రాళ్ళు దాని ప్రతి మూలలోకీ చొచ్చుకుని కూర్చున్నాయి. ఇలాంటి గోడలో అడుగునుంచి పైదాకా సాగే నిలువు సందు లేదు, ఒక చివర నుంచి మరో చివర దాకా సాగే అడ్డ సందూ లేదు. రాయి జారాలంటే పక్క రాయి వాలు మీదికి ఎక్కాలి, ఎక్కాలంటే పైనున్న బరువునంతా కాస్త ఎత్తాలి. ఎత్తిన బరువు తిరిగి కిందికే నొక్కుతుంది. అందుకే మెలికల సందు నునుపైన సందుకన్నా ఎక్కువ నిలదొక్కుకుంటుంది, కదిలాక మొదటి చోటికి చేరుకోవడానికీ తోడ్పడుతుంది. మూలల దగ్గర రాయిని రెండు గోడల్లోకీ పాకేలా చెక్కారు. భూకంపంలో ఇల్లు ముందుగా విడిపోయేది మూలల దగ్గరే.

ఇంత అమరిక ఎలా సాధించారో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జాన్-పియెర్ ప్రొట్జెన్ 1980లలో స్వయంగా చేసి చూశాడు. కుస్కోకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని రుమికోల్క గనిలో, ఆ రాయి కాని వేరే జాతి గులకరాళ్ళు పడి ఉండడం ఆయన గమనించాడు. అవి నదినుంచి తెచ్చిన సుత్తిరాళ్ళు. అలాంటి రాయితోనే ఆయన ఒక చిన్న ఆండసైట్ దిమ్మను కొట్టాడు. మూడు ముఖాలు, అయిదు అంచులు సిద్ధం కావడానికి గంటన్నర పట్టింది. పాత గోడల రాళ్ళ మీద మధ్యలో పెద్ద గుంటలు, అంచుల దగ్గర చిన్న గుంటలు కనిపిస్తాయి. అంచుకు వచ్చేసరికి చిన్న సుత్తి వాడారన్నమాట. పై రాయి అడుగు ఆకారాన్ని బట్టి కింది వరస పైభాగాన్ని చెక్కి, పెట్టి చూసి, మళ్ళీ తీసి కొట్టి సరిపెట్టేవాళ్ళు. ఇనుము లేదు, మంత్రం లేదు, ఓపిక మాత్రం చాలా ఉంది. ప్రొట్జెన్ గమనించిన మరో సంగతి నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. బరువు దిగే అడ్డ సందుల్లో రాళ్ళు లోపలిదాకా పూర్తిగా ఆని ఉంటే, నిలువు సందులు చాలాచోట్ల ముందు కొన్ని సెంటీమీటర్లే కలిసి, వెనక చిన్న రాళ్ళతో నింపి ఉన్నాయి. శ్రమను బరువు మోసే చోట పెట్టారు, మోయని చోట తగ్గించారు. గోడ ఏ పని చేస్తుందో తెలిసినవాళ్ళ పని ఇది.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. మొదటిది, నిలిచినవాటిని చూసి మాట్లాడుతున్నామనేది. పడిపోయిన ఇంకా గోడలు మన కంటికి కనబడవు కదా. పైగా పోలిక కూడా సమానం కాదు. కుస్కోలో చాలా ఇళ్ళకు కింద ఇంకా గోడ, పైన పచ్చి ఇటుక అంతస్తు ఉండేవి. భూకంపంలో కట్టడం పైభాగం కిందిభాగంకన్నా ఎక్కువ ఊగుతుంది, కనుక పైది పడి కిందిది నిలవడంలో కొంత భాగం స్థానబలమే. ఇది న్యాయమైన అభ్యంతరం, కాదనలేం. ఇంకా వాళ్ళ కట్టడాలన్నీ మాలు లేనివి కావనే సంగతి కూడా దీనికి చేర్చాలి. గుళ్ళకు, రాజభవనాలకు మాత్రమే ఈ చెక్కుడు, మామూలు ఇళ్ళు చాలావరకు మట్టి మాలుతో కట్టిన గండ్రరాళ్ళవే. ఐతే సాక్ష్యం కేవలం నిలబడిన గోడల నుంచే రావడం లేదు. మచ్చు పిచ్చులోనూ కుస్కోలోనూ భూగర్భ శాస్త్రవేత్తలు రాళ్ళ మధ్య తెరుచుకున్న సందులను, పక్కకు జరిగిన దిమ్మలను, రాయికి రాయి కొట్టుకుని ఎగిరిపోయిన మూలలను నమోదు చేశారు. పక్కపక్కనున్న రెండు దిమ్మల మూలలు ఒకే చోట చితికాయంటే, అవి లేచి కూర్చున్నాయని, ఒకదాన్నొకటి గుద్దుకున్నాయని అర్థం. అంటే ఈ గోడలు భూకంపాన్ని తప్పించుకోలేదు, దాన్ని అనుభవించి, కదిలి, దెబ్బ తిని నిలిచాయి. హౌస్నర్ లెక్క చెప్పేదీ ఇదే.

ఇదే జాగ్రత్త మన ఓరుగల్లు కోట విషయంలోనూ పాటించాలి. కాకతీయుల రాతి ప్రాకారంలో పెద్ద గ్రానైటు దిమ్మలను మాలు లేకుండా ఒకదాన్లో ఒకటి ఇమిడేలా పేర్చారు. ఆ పనితనం గొప్పది. కాని అది ఏడు శతాబ్దాలకు పైగా నిలిచిందని చెప్పి భూకంపాన్ని తట్టుకునే గోడకు రుజువుగా చూపడం సరికాదు, ఎందుకంటే ఆ నేలలో కుస్కో స్థాయి కుదుపులు అరుదు. పరీక్ష రాయనివాడు పాసయ్యాడని చెప్పలేం.

రెండో అభ్యంతరం చాలా గట్టిది, మనకు దగ్గరిది కూడా. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, తెలంగాణ సరిహద్దుకు ఎంతో దూరంలో లేని లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో భూకంపం వచ్చింది. తీవ్రత 6కు కాస్త పైన. అధికారిక లెక్కల్లోనే దాదాపు 8 వేలమంది చనిపోయారు, అందులో ఎక్కువమంది తమ ఇళ్ళ రాతి గోడల కింద. ఆ గోడలు కొన్నిచోట్ల కుస్కో గోడలంత మందంగానే ఉన్నాయి. సిమెంటు లేదు, మట్టి మాలు మాత్రమే. రాతి గోడ భూకంపానికి నిలుస్తుందని చెప్పేవాడు అక్కడి కిల్లారి గ్రామం పేరు విని తల దించుకోవద్దా?

అక్కడ జరిగిందాన్ని పరిశీలిస్తే మన షరతు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఆ గోడలు చూపుకు ఒకటి, నిజానికి రెండు. లోపలి ముఖానికి ఒక వరస గుండ్రాళ్ళు, బయటి ముఖానికి మరో వరస, మధ్యలో మట్టి, చిన్న రాళ్ళ నింపుడు. రెండు ముఖాలనూ కలిపి పట్టే పొడవైన రాయి ఎక్కడా లేదు. కుదుపుకు మధ్యలోని నింపుడు కిందికి దిగి, మేకు కొట్టినట్టు రెండు పొరలనూ చెరోవైపుకి నెట్టింది. మన లెక్కనే ఇక్కడ వేసి చూద్దాం. 75 సెంటీమీటర్ల గోడ 2.7 మీటర్ల ఎత్తుంటే ఒరిగే హద్దు సుమారు 0.28. అది 30 సెంటీమీటర్ల పొరలుగా చీలితే ఒక్కో పొర హద్దు 0.11. సగానికన్నా తక్కువ. గుండ్రటి రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఒక బిందువు దగ్గరే ఆనుతాయి కనుక అవి జారడంకన్నా ముందే దొర్లుతాయి. దీనికి తోడు దూలాల మీద ఎండకు చల్లగా ఉండాలని ఏటా పోస్తూ వచ్చిన మట్టి మిద్దె. పై బరువు అంత ఉండి, దాన్ని పట్టుకునే గోడ రెండుగా చీలితే, లోపల నిద్రపోతున్నవాళ్ళకు తప్పించుకునే వ్యవధి ఉండదు. కుస్కోలోని ఇంకా వాళ్ళ కట్టడాలకైతే కప్పు గడ్డి, కొయ్యలే. కాబట్టి లాతూరు నా వాదాన్ని కొట్టివేయడం లేదు. మాలు ఉందా లేదా అన్న ప్రశ్నే తప్పు ప్రశ్న అని, రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న అని ఆ ఊళ్ళు భయంకరంగా రుజువు చేశాయి.

గోడ ఎంత బాగున్నా కింద నేల దిగితే అది ఏమీ చేయలేదు. మచ్చు పిచ్చులో ప్రధాన ఆలయం అనే కట్టడం ఒక మూల కుంగి, పెద్ద పెద్ద దిమ్మల మధ్య సందులు తెరుచుకున్నాయి. చెక్కుడులో దానికి సాటి వచ్చేవి తక్కువ. నేల మాత్రం కింద దిగిపోయింది. అక్కడ నీటి వ్యవస్థను పరిశోధించిన ఇంజనీరు కెన్నెత్ రైట్, ఆ నగర నిర్మాణ శ్రమలో సుమారు 60 శాతం నేల కిందే ఉందని అంచనా వేశాడు. పునాదులు, మెట్ల వెనక పోసిన రాళ్ళు, నీరు బయటికి పోయే దారులు, ఇవన్నీ కనపడని పని. మెట్టుగోడ వెనక నీరు నిలిస్తే మట్టి బరువెక్కి గోడను తోస్తుంది. మాలు లేని గోడ సందుల్లోంచి నీటిని వదిలేస్తుంది, ఇది దానికున్న మరో మేలు. అలాగే నెమ్మదిగా, పెద్దగా ఒకే దిక్కుకు నెట్టే కుదుపు వస్తే ఊగే గోడకు వెనక్కి రావడానికి వ్యవధి చిక్కదు. భూకంపం పుట్టిన పగులుకు బాగా దగ్గరగా ఉన్నచోట అలాంటి కుదుపులు వస్తాయి. అక్కడ ఏ లెక్కా అభయం ఇవ్వదు.

మరి ఈ రోజు ఇలాంటి గోడలతో ఇళ్ళు కట్టుకోవాలా? నా అభిప్రాయంలో, బహుళ అంతస్తులకు కాదు. ఇనుము వేసిన కాంక్రీటు, సరిగ్గా కట్టితే, లాగుడును భరించి వంగగలదు. కుస్కో గోడకు ఆ శక్తి లేదు, అది ఎత్తు తక్కువ, మందం ఎక్కువ, పైబరువు తేలిక అన్న హద్దుల్లోనే గెలిచింది. దాని నుంచి మనం తీసుకోవలసింది చెక్కుడు నైపుణ్యం కూడా కాదు, ఎందుకంటే ఒక్కో రాయికి అన్ని గంటలు పెట్టగలవాళ్ళు ఇప్పుడు లేరు. తీసుకోవలసింది రాళ్ళను పట్టించే క్రమం, అది మామూలు మేస్త్రీకి కూడా అందుబాటులో ఉంది. భారత ప్రమాణాల సంస్థ 1993లో బలహీనమైన రాతి, ఇటుక ఇళ్ళ కోసం విడుదల చేసిన ఐఎస్ 13828 సూచన సూటిగా ఉంది. గండ్రరాతి గోడ మందం 450 మిల్లీమీటర్లకు మించకూడదు. గోడ మందమంతా ఆక్రమించే పొడుగు రాళ్ళు ప్రతి 60 సెంటీమీటర్ల ఎత్తుకు ఒక వరస చొప్పున, ఒకదానికొకటి 1.2 మీటర్లకన్నా ఎక్కువ దూరం లేకుండా పడాలి. ఇప్పటికే కట్టేసిన గోడకూ దారి ఉంది. కొన్ని రాళ్ళు జాగ్రత్తగా తీసి, గోడకు ఆరపార రంధ్రం చేసి, వంచిన ఇనుప కడ్డీ పెట్టి కాంక్రీటు నింపితే అదే రెండు పొరలనూ పట్టే రాయి అవుతుంది.

తెలంగాణ, రాయలసీమ ఊళ్ళలో పాత రాతి ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. మీ ఇల్లు అలాంటిదైతే గోడ పక్కన నిలబడి పొడవునా చూడండి, మధ్యలో ఎక్కడైనా పొట్ట ఉబ్బిందా అని. మూలల్లో నిలువు చీలిక ఉందేమో చూడండి. ఒక రాయి తీసిన చోట లోపలికి చూసి, మధ్యలో మట్టి తప్ప అడ్డంగా దాటే రాయి ఉందో లేదో గమనించండి. మిద్దె మీద పోసిన మట్టి ఏళ్ళ తరబడి పెరిగి ఉంటే తగ్గించండి. వీటిలో ఏది కనిపించినా తెలిసిన ఇంజనీరుకు చూపించి, ముందుగా పొరలను కలిపే పని, తర్వాతే పైపూత పని చేయించండి.